అంబాజీపేట ముందా, అమలాపురం ముందా?

ఈసారి మన సభ్యుల డైరెక్టరీని సొంతూరి ప్రకారం అకారాదిగా వేద్దామని అనుకున్నాం కదా. మొదటి ప్రూఫు చూసిన దగ్గర్నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "అం అనేది ఔ తర్వాత కదా వచ్చేది, అంబాజీపేట అందరికంటే ముందు ఎలా కూర్చుంది?" అని ఒకరు. "కొవ్వూరు వాళ్ళ తర్వాత క్రోసూరా? క్ర అంటే క పక్కనే కదా!" అని మరొకరు. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పడం నా వల్ల కావడం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

తెలుగు మాటల్ని అక్షరాల వరుసలో పేర్చడం మనం అనుకునేంత పాత అలవాటు కాదు. అమరకోశం గానీ, పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామ సంగ్రహం గానీ దేవవర్గు, మానవవర్గు అంటూ అర్థాన్ని బట్టి నడుస్తాయి. వాటిని కంఠస్థం చేసేవారు కాబట్టి వెతుక్కునే పనే ఉండేది కాదు. అకారాదిగా పేర్చిన తొలి తెలుగు నిఘంటువుగా మచిలీపట్నం వర్తకుడు మామిడి వెంకయ్య గారి ఆంధ్రదీపికను చెప్తారు. ఆ తర్వాత పెద్ద నిఘంటువులు వరసగా మన ఊళ్ళోనే అచ్చయ్యాయి. 1821లో కాంబెల్ నిఘంటువు, 1852లో వేపేరిలోని అచ్చుకూటంలో బ్రౌన్ నిఘంటువు, 1885లో బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం. కంఠస్థం పోయి పేజీ తిప్పడం వచ్చాక, ఏ మాట ఏ మాట తర్వాత అన్నది ఎవరో ఒకరు తేల్చక తప్పలేదు.

తేల్చవలసినవి ఏమిటో మన జాబితాలోని క అక్షరం ఊళ్ళతోనే చూద్దాం. సరైన వరుస ఇది: కంచి, కడప, కరీంనగర్, కర్నూలు, కాకినాడ, కావలి, కుప్పం, కృష్ణగిరి, కొవ్వూరు, క్రోసూరు. ముందు తలకట్టు ఉన్న క మాటలన్నీ అయిపోవాలి. తర్వాత గుణింతం వరుసలో కా, కి, కు, కృ, కొ రావాలి. గుణింతం మొత్తం పూర్తయ్యాక గానీ ఒత్తుల వంతు రాదు. ఎందుకంటే క్రలో ఉన్నది క కాదు, పొల్లు క్. దాని అచ్చు పోయింది, ర వచ్చి చేరింది. క్రోసూరు వారు చివర నిలబడింది అందుకే. ఇదే సూత్రం మాట మధ్యలోనూ పనిచేస్తుంది. కరీంనగర్‌లో రీ గుణింతం, కర్నూలులో ర్ పొల్లు, కాబట్టి కరీంనగర్ ముందు. క్షను బడిలో చివర ఎక్కడో చదివాం గానీ, నిఘంటువులో దాని చోటు క కిందే, ఒత్తుల్లో.

కృష్ణగిరి సభ్యులకు ఒక మాట. మీలో ఒకరు ఫారంలో "క్రిష్ణగిరి" అని రాశారు. కృ అయితే కూకీ కెకీ మధ్య వస్తుంది, క్రి అయితే కౌ దాటి క్రోసూరు పక్కకు పోతుంది. ఒకే ఊరివాళ్ళు రెండు చోట్ల పడింది ఆ సుడి తేడా వల్ల, కంప్యూటర్ తప్పు లేదు.

ఇక సున్న. బడిలో అం, అః లను ఔ తర్వాత చదివాం, నిజమే. కానీ అం అంటే అ పక్కన సున్న. అది విడి అచ్చు కాదు. సున్నను హల్లులన్నిటికంటే ముందు లెక్కపెడితే అంబాజీపేట, అద్దంకి, అనంతపురం, అమలాపురం అన్న వరుస వస్తుంది. ఇంకో పద్ధతి సంస్కృత నిఘంటువులది. అక్కడ సున్నను తర్వాతి హల్లు వర్గానికి చెందిన అనునాసికంగా లెక్కిస్తారు. అలా చూస్తే అంబాజీపేట "అమ్బాజీపేట" అయి, అమలాపురం తర్వాతికి పోతుంది. సంస్కృతానికి అది బాగుంటుంది. మనం రోజూ రాసేది సున్నే అయినప్పుడు, దాని వెనక ఙ, ఞ, ణ, న, మ లలో ఏది దాగుందో ఆలోచించి పేజీ తిప్పమనడం నాకు అన్యాయంగానే తోస్తుంది. మొదటి పద్ధతే ఉంచాను.

ఇంతవరకు కంప్యూటర్ మనం చెప్పకుండానే చేసింది. ప్రతి అక్షరానికీ యూనికోడ్‌లో ఒక నంబరు ఉంటుంది. తెలుగులో సున్న నంబరు అచ్చులకంటే ముందు, తర్వాత అచ్చులు, తర్వాత హల్లులు, వాటి తర్వాత గుణింతపు గుర్తులు, ఆ గుర్తుల చివర పొల్లు. తలకట్టుకు విడిగా గుర్తు లేదు కాబట్టి కడపలో క తర్వాత నేరుగా డ వస్తుంది, కాకినాడలో క తర్వాత దీర్ఘం గుర్తు వస్తుంది. హల్లు నంబరు చిన్నది, అందుకే కడప ముందు. ఆ అమరిక పుణ్యమా అని, ఉత్త నంబర్లు పోల్చినా ముప్పాతిక మువ్వీసం వరుస సరిగ్గానే వస్తుంది.

మిగతా వీసం ఎందుకు చెడుతుందంటే, ఆ నంబర్లు తెలుగు కోసం విడిగా వేసినవి కావు. భారతీయ లిపులన్నిటికీ ఒకే చట్రంగా 1988లో ఇస్కీ వచ్చింది. 1991లో యూనికోడ్ ఆ చట్రాన్నే తీసుకుంది. అందులో ర పక్కనే ఱ, ల పక్కనే ళ. బళ్ళో మనం చదివింది వ, శ, ష, స, హ, ళ, క్ష, ఱ. బడి వరుసలో కశింకోట తర్వాత రావలసిన కళ్యాణదుర్గం, నంబర్ల వరుసలో కవిటికి కూడా ముందే వచ్చేస్తుంది. నిఘంటువుకైతే బడి వరుసే ఉండాలంటాను. మన జాబితాలో మాత్రం కల్యాణదుర్గం అని రాసినవారూ ఉన్నారు, ల, ళ పక్కపక్కన ఉంటేనే వాళ్ళు ఒకరికొకరు దగ్గరగా ఉంటారు. దాన్ని కదపలేదు.

బండి ఱ మాత్రం ఇబ్బంది పెట్టింది. ప్రూఫులో ఎర్రగుంట్ల, ఎర్రగొండపాలెం, ఎఱ్ఱగుంట్ల అని వచ్చింది. ఒకే ఊరు, మధ్యలో ఇంకో ఊరు! అరసున్నదీ అదే కథ. వాఁడు అని రాస్తే వాడు పక్కన ఉండక, వాకతో మొదలయ్యే మాటలన్నిటికంటే ముందుకు పోతుంది. ఇంకోటి కంటికి కనబడదు. జార్జ్‌టౌన్ అని టైపు చేసేటప్పుడు ట కిందికి జారకుండా జ్ తర్వాత ఒక అదృశ్య అక్షరం పెడతాం. దాని నంబరు తెలుగు అక్షరాలన్నిటికంటే పెద్దది. అది పెట్టినవారి జార్జ్‌టౌన్, పెట్టనివారి జార్జ్టౌన్ వరుసలో విడిపోతాయి.

దీనికి మందు రెండు అంచెల పోలిక. మొదటి అంచెలో ఱను రగా చూడాలి, అరసున్ననూ ఆ అదృశ్య అక్షరాన్నీ లేనట్టే చూడాలి. అప్పటికీ రెండు మాటలు సమానమైతేనే రెండో అంచెలో అసలు రాతను చూడాలి. మా మేనల్లుడు పైథాన్‌లో రాసిచ్చింది ఇంతే:

```python
def varusa(s):
    s = s.replace("\u200c", "").replace("ఁ", "")
    return s.replace("ఱ", "ర")

oorlu.sort(key=lambda s: (varusa(s), s))
```

అచ్చయ్యేది మీరు రాసిన పేరే, మార్పులు పోలిక వరకే. ఇది నడిపాక ఎర్రగుంట్ల, ఎఱ్ఱగుంట్ల పక్కపక్కన వచ్చాయి, ఎర్రగొండపాలెం వాటి తర్వాతకు దిగింది.

ఆ ఊరినే "యర్రగొండపాలెం" అని రాసిన ఇద్దరు మాత్రం య కిందే ఉన్నారు. ఏది ఉంచాలో మీ ఊరివాళ్ళే మాట్లాడుకుని చెప్పండి. కృష్ణగిరి వారూ అంతే. ఆదివారం రాత్రి ప్రెస్సుకి పంపుతున్నాను.