కరెన్సీ రిస్క్: విదేశీ షేరు, డాలరు హెడ్జ్

పెనుగొలనులోని మదుపరి అమెరికా షేరు కొంటే, దానితోపాటు డాలరునూ కొన్నట్టే. రూపాయల్లో చేతికొచ్చే రాబడి ఆ రెండింటి కదలికల మీదా ఆధారపడుతుంది.

2008లో ఎస్‌అండ్‌పీ 500 సూచీ సుమారు 38 శాతం పడింది. అదే ఏడాది డాలరు దాదాపు 39 రూపాయల నుంచి 48 దాటింది. హెడ్జ్ చేయనివారికి రూపాయల్లో నష్టం 24 శాతం దగ్గరే ఆగింది.

షేరు ఒడుదొడుకు 20 శాతం, డాలరుది 6 శాతం, సహసంబంధం −0.4 అనుకుందాం. హెడ్జ్ లేకుంటే √(400+36−96), అంటే 18.4 శాతం. డాలర్లను ఫార్వర్డ్‌లో అమ్మితే దాదాపు 20. ఇక్కడ రక్షణే ఒడుదొడుకును పెంచింది! సహసంబంధం +0.4 అయితే హెడ్జ్ లేని ఒడుదొడుకు 23.1కి చేరి, హెడ్జే మేలవుతుంది.

హెడ్జ్ కూడా సంపూర్ణం కాదు. 100 డాలర్లు ముందే అమ్మాక షేరు విలువ 62 డాలర్లకు పడి, డాలరు పెరిగితే, తక్కువైన 38 డాలర్లను పెరిగిన ధరకు కొనివ్వాలి.