కొత్త నల్ల కుర్తా రంగు పోతుందా? తొడగక ముందే ఇలా చూసుకోండి

పండక్కి నల్ల కాటన్ కుర్తా, దాని కిందికి తెల్ల పైజామా కొన్నారనుకుందాం. చెమటకు కుర్తా రంగు దిగితే పైజామా పాడైనట్టే. కాబట్టి ముందే పరీక్షించండి.

పాత తెల్ల నూలు గుడ్డతో కుర్తా లోపలివైపు, కుట్టు మడత దగ్గర 10 సార్లు గట్టిగా రుద్దండి. తర్వాత గుడ్డ ఇంకో మూల తడిపి, పిండి, మరోచోట అలాగే రుద్దండి. చివరగా మడతను కొంచెం తడిపి, తెల్ల గుడ్డల మధ్య పెట్టి వేడి ఇస్త్రీ పెట్టెతో నొక్కండి.

పొడి గుడ్డకే నలుపు అంటితే రంగు బట్ట పైపైనే ఉన్నట్టు. ఉతక్కుండా తొడగొద్దు. తడి గుడ్డకే అంటితే, అద్దకంలో అతుక్కోని రంగు ఇంకా మిగిలి ఉంది. కుర్తాను తిరగేసి, చన్నీళ్లలో విడిగా ఉతకండి. ఆరాక మళ్లీ రుద్ది చూడండి. మరక తగ్గుతుంటే మిగులు రంగు పోతోందని అర్థం. మూడు ఉతుకుల తర్వాత కూడా అంతే అంటితే అద్దకమే సరిగ్గా లేదు, ఆ కుర్తాను తెల్లబట్టల మీద తొడగకండి.

ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని ఇళ్లల్లో అంటారు. ఉప్పు అద్దేటప్పుడు పనికొస్తుంది గానీ, అద్దకం అయిపోయాక ఊడే రంగును ఉప్పు, వెనిగర్ పట్టి ఉంచలేవు.

బిల్లు దాచుకుని, కుర్తాను నీళ్లలో ముంచక ముందే రుద్ది చూస్తే, మార్చుకోమని అడగడానికి వీలుంటుంది.