ధారావాహిక నవల, ఏకగ్రంథ నవల

వారపత్రికలో విడతలుగా వచ్చిన నవలకూ, మొదటి నుంచీ పుస్తకంగానే రూపుదిద్దుకున్న నవలకూ కూర్పులో, నడకలో తేడా ఉంటుంది. ఆ తేడాను చూడటానికి కరీంనగర్ ప్రాంతం మంచి ఆధారాన్ని ఇచ్చింది. అప్పటి కరీంనగర్ జిల్లా వంగరకు చెందిన పి.వి. నరసింహారావు 1957 నుంచి 1977 వరకు మంథని శాసనసభ్యులు. ఆయన రెండు పెద్ద నవలలను అనువదించారు. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’గా హిందీలోకి, హరి నారాయణ ఆప్టే మరాఠీ నవల ‘పణ్ లక్షాత్ కోణ్ ఘేతో’ను ‘అబల జీవితం’గా తెలుగులోకి తెచ్చారు. మొదటిది ఏకబిగిన చెప్పి రాయించినది, రెండోది వారంవారం అచ్చయినది.

తెలుగు నవల పత్రిక చేతిలోనే పెరిగింది. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’లో మొదలై 1880లో పుస్తకమైంది. ఆప్టే 1890లో పుణేలో ‘కరమణూక్’ వారపత్రికను స్థాపించి, తన నవలను 1893 దాకా అందులోనే నడిపారు. సంపాదకుడూ రచయితా ఆయనే.

ఆ నవలలో యము అనే స్త్రీ తన కథ తానే చెప్పుకుంటుంది. బాల్యం, పెళ్లి, చదువుకున్న భర్తతో బొంబాయిలో సుఖంగా గడిచిన రోజులు, భర్త మరణం, బలవంతంగా శిరోముండనం, ఇదీ క్రమం. ఈ ఆత్మకథా రూపం వారపత్రికకు చక్కగా అమరుతుంది. పాఠకుడు ఏడు రోజుల తర్వాత తిరిగి వచ్చినప్పుడు పాత సంగతి గుర్తుచేయాలి. రచయితే పూనుకొని గుర్తుచేస్తే అది అతుకులా కనిపిస్తుంది, కానీ యము తన గతాన్ని తలచుకుంటే అది మనసులోంచి వచ్చిన మాటే అవుతుంది. పైగా ఇంట్లో జరిగే ఒక గొడవో, అత్తగారి మాటో, ఒక ప్రయాణమో ఒక్కో విడతకు సరిపోతుంది. ప్రతి విడతా తనంతట తానుగా కొంత తృప్తినివ్వాలి, కొంత కొరత మిగల్చాలి. అందుకే కథ చిన్న చిన్న ఎత్తుపల్లాలతో సాగుతుంది. మొత్తం మీద ఒకే శిఖరానికి ఎక్కడం దానికి కష్టం.

‘వేయిపడగలు’ కూర్పు వేరు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీ కోసం విశ్వనాథ దానిని నెల రోజుల లోపలే ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాశారు. బహుమతిని అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో పంచుకుంది. సుబ్బన్నపేట, దాని మీద గొడుగు పట్టిన వేయి పడగల పాము, ఆ పడగలు ఒక్కొక్కటే తగ్గి చివరకు దాంపత్యానికి గుర్తుగా రెండే మిగలడం: ఈ ఒక్క ప్రతీక నవలను మొదటి పుట నుంచి చివరి పుట దాకా మోస్తుంది. మధ్యలో నాయకుడు ధర్మారావు పుటల కొద్దీ చర్చిస్తాడు. ఒక పాత్ర మాయమై చాలా దూరం పోయాక తిరిగి కనిపిస్తుంది. పుస్తకం చేతిలో ఉన్న పాఠకుడు వెనక్కి తిప్పి చూసుకోగలడు కాబట్టి ఇది సాధ్యమైంది. వారానికి నాలుగు పుటలు చదివేవాడికి ఆ చర్చ మూడు వారాలు కథ ఆగిపోయినట్టే.

ధారావాహికకు అసలు చిక్కు మధ్యభాగంలో ఉంది. మొదటి విడతలు అచ్చయ్యాక వాటిని సవరించడానికి వీల్లేదు. పదో వారంలో తోచిన మలుపుకు రెండో వారంలో బీజం వేయలేము. ఆదరణ బాగుంటే కథను సాగదీయాలనిపిస్తుంది, ఆదరణ తిరగబడితే మధ్యలోనే ఆగవచ్చు. రంగనాయకమ్మ ‘జానకి విముక్తి’ని ఆంధ్రప్రభ వారపత్రిక మధ్యలో ఆపేసింది. ఆ తర్వాత అది పుస్తకంగా వచ్చింది. చార్లెస్ డికెన్స్ 1860–61లో ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ను తన వారపత్రికలోనే నడిపినా దాన్ని సడలిపోనివ్వలేదు. దాని బిగువుకు కారణం, అక్కడా కథ చెప్పేది నాయకుడే, వెనక్కి చూస్తూ.

విడతలు పుస్తకంగా కట్టినప్పుడు అతుకులు బయటపడతాయి. దాదాపు సమానమైన దూరాల్లో ఉత్కంఠ వస్తుంది, పాత్ర వర్ణన మళ్లీ మళ్లీ వినిపిస్తుంది, తెలిసిన సంగతినే పాత్రలు ఒకరికొకరు చెప్పుకుంటారు. పుస్తకం వేసేముందు వీటిని కోసేయడం రచయిత చేయాల్సిన పని. చాలామంది చేయలేదు. అందుకే మన సీరియల్ నవలల్లో చాలావాటికి పుస్తకరూపం అన్యాయం చేసిందని చెప్పాలి. అలాంటి నవలను ఒక్క పూటలో ముగించకుండా కొన్ని పుటలు చదివి, కొన్నాళ్లు ఆపి, మళ్లీ తెరిస్తే అది రాసినవారు ఉద్దేశించిన నడకతోనే నడుస్తుంది.