దింపించినవాడు

రాజోలు వైపు కొబ్బరితోట గట్టు మీద ఇలాంటి పలకరింపు వినబడుతుంది: "ఏం అబ్బాయ్, కాయ దింపించేసేవా?" "దింపించేనండి బాబాయ్‌గారూ." చెట్టెక్కి చెమటోడ్చినవాడు పక్కనే కాళ్లు కడుక్కుంటూ ఉంటాడు. మాటల్లో మాత్రం అతనెక్కడా లేడు.

'దిగు' అంటే కాయ ఒక్కటే. 'దించు' అనగానే దించేవాడొకడు వచ్చాడు. గు పోయి ంచు వచ్చే ఈ జత మన భాషలో పాతది: వంగు, వంచు, మునుగు, ముంచు, పెరుగు, పెంచు. అంటే 'దించు'లో ఒక ప్రేరణ అప్పటికే ఇంకిపోయి ఉంది. దానికి మళ్లీ 'ఇంచు' చేరిస్తే ంచు ంపుగా మారి 'దింపించు' అవుతుంది. చేసేవాడి వెనక చేయించేవాడు నిలబడ్డాడు. చిన్నయసూరి దీన్నే ప్రేరణం అన్నాడు. కన్నడిగుల 'మాడిసు'లోని 'ఇసు' మన ఇంచుకు దాయాది.

ఆ ంపు నుంచే 'దింపు' అనే నామం. మామిడికాయ కోస్తారు, కొబ్బరికాయ దింపుతారు. కోనసీమలో దింపు అంటే కొబ్బరి కోతే. నిజానికి కాయ దిగదు, ధబ్బున పడుతుంది. దిగేది మనిషే!

ఇంచు ఉన్నంత మాత్రాన చేయించేవాడు ఉన్నట్టు కాదు. 'జీవించు', 'ప్రేమించు' అన్నవి సంస్కృత పదాలకు తెలుగు చొక్కా తొడిగినవి. వాటికి ప్రేరణ కావాలంటే 'జీవింపజేయు' అని వేరే క్రియ అరువు తెచ్చుకోవాలి. 'కూర్చోబెట్టు', 'పడుకోబెట్టు' అసలు ఇంచునే రానివ్వలేదు.

చేసినవాణ్ణి వాక్యంలోకి తేవాలంటే 'చేత' కావాలి: "కూలీ చేత దింపించాను." అయితే "పిల్లాడికి అన్నం తినిపించింది" అన్నప్పుడు 'కి' వస్తుంది, ముద్ద అమ్మ చేతిలోనే ఉంటుంది. "పిల్లాడి చేత తినిపించింది" అంటే వాడే తిన్నాడు, ఆమె బతిమాలిందో బెదిరించిందో. ఒక్క విభక్తిలో ముద్ద చేతులు మారింది.

ఈ లెక్క ఎక్కడ గట్టిగా ఉంటుందో చెప్పలేం. 'క్షవరం చేయించుకున్నాను' అనే అంటాం. 'చేసుకున్నాను' అంటే అద్దం ముందు మనమే కత్తి పట్టినట్టు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, కాటన్ దొర 'కట్టించాడు' అంటాం. రాళ్లు మోసినవాళ్లకు ఆ ఇంచు కాస్త చోటు ఉంచింది, పేరు లేకపోయినా. అదే మన వీధిలో ఆసామి మాత్రం "ఇల్లు కట్టాను" అనేస్తాడు, తాపీ ముట్టకుండానే.

హైదరాబాదులో ఉన్న యజమాని ఫోన్లో బావమరిదికి చెబుతాడు, బావమరిది దింపు మనిషికి చెబుతాడు. ఇప్పుడు 'దింపింపించు' అనాలి కదా? ఎవరూ అనరు, నోరు తిరగదు. ఆ యజమాని "మా బావమరిదితో దింపించమన్నాను" అని ఊరుకుంటాడు.