తలకిందులైన రాబడి రేఖ: 2006లో బాండ్ల మార్కెట్ ఏమి చెప్పింది?

2006 మార్చి 20వ తేదీన న్యూయార్క్ ఎకనామిక్ క్లబ్ సభ్యుల ముందు బెన్ బెర్నాంకీ ప్రసంగించారు. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్‌కు ఆయన అధ్యక్షులై అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు. ఆయన ఎంచుకున్న విషయం సామాన్య పాఠకులకు అంతగా పరిచయం లేనిది. ప్రభుత్వ బాండ్ల మీద వచ్చే రాబడి వాటి గడువును బట్టి ఎలా మారుతుందో చూపే రేఖ అది. ఆర్థికవేత్తలు దాన్ని ఈల్డ్ కర్వ్ అంటారు. తెలుగులో రాబడి రేఖ అనుకోవచ్చు. అప్పటికి ఆ రేఖ దాదాపు చదునుగా ఉంది. అంతకు మూడు నెలల ముందు, 2005 డిసెంబరు చివరి వారంలో, పదేళ్ల బాండు రాబడి రెండేళ్ల బాండు రాబడికన్నా తగ్గి, రేఖ కొద్దికాలం తలకిందులైంది కూడా.

అమెరికాలో అంతకు ముందు నలభై ఏళ్లలో వచ్చిన ప్రతి ఆర్థిక మాంద్యానికీ ముందు ఈ రేఖ తలకిందులైంది. అయినా ఈసారి దాన్ని పెద్ద మందగమనానికి సూచనగా తాను భావించడం లేదని బెర్నాంకీ వివరించారు. ఇరవై ఒక్క నెలల తర్వాత, 2007 డిసెంబరులో, మాంద్యం మొదలైంది. ఆయన వాదన తేలికగా కొట్టిపారేయదగినది కాదు. అది ఎక్కడ తప్పిందో తెలియాలంటే, రేఖ వంపులో మార్కెట్ అంచనా ఎలా ఇమిడి ఉంటుందో ముందు చూడాలి.

రెండేళ్ల లెక్క

అమెరికా ట్రెజరీ కొన్ని వారాల గడువు నుంచి ముప్పై ఏళ్ల గడువు వరకు రకరకాల పత్రాలు అమ్మి అప్పు తెచ్చుకుంటుంది. వేలంలో అమ్ముడైన తర్వాత అవి ప్రతిరోజూ చేతులు మారుతుంటాయి. బాండు మీద ప్రభుత్వం చెల్లించే సొమ్ము ముందే ఖాయమై ఉంటుంది కనుక, కొనేవారు పెరిగి దాని ధర పెరిగితే, కొన్నవారికి దక్కే రాబడి శాతం తగ్గుతుంది. గడువును అడ్డంగా, రాబడిని నిలువుగా గీస్తే వచ్చేదే రాబడి రేఖ. మామూలు కాలంలో అది ఎడమ నుంచి కుడికి పైకి వెళుతుంది. అంటే ఎక్కువ కాలం అప్పిచ్చినవారికి ఎక్కువ వడ్డీ దక్కుతుంది.

ఒక మదుపరి దగ్గర వంద డాలర్లు ఉన్నాయనుకుందాం. ఏడాది బాండు మీద 5 శాతం వస్తోంది. వచ్చే ఏడాది ఇదే తరహా బాండు మీద 4 శాతమే వస్తుందని అతని అంచనా. ఏడాదికొకటి చొప్పున రెండు బాండ్లు కొంటే వంద డాలర్లు మొదట 105, ఆపైన 109.20 అవుతాయి. రెండేళ్ల బాండు కూడా ఏటా 5 శాతమే ఇస్తుంటే చేతికి 110.25 డాలర్లు వస్తాయి. అప్పుడు అందరూ రెండేళ్ల బాండు వైపే పోతారు. దాని ధర పెరుగుతుంది, రాబడి దిగుతుంది. రెండు దారులూ సమానమయ్యే చోట, అంటే సుమారు 4.5 శాతం దగ్గర, ఆ దిగుడు ఆగుతుంది. ఏడాదికి 5, రెండేళ్లకు 4.5: రేఖ తలకిందులైంది.

ఈ లెక్కను వెనక్కి కూడా చేయవచ్చు. రెండేళ్ల రాబడిని రెట్టింపు చేసి అందులోంచి ఏడాది రాబడిని తీసివేస్తే, ఏడాది తర్వాత వడ్డీ ఎంత ఉంటుందని మార్కెట్ అనుకుంటోందో స్థూలంగా తెలుస్తుంది. స్వల్పకాలిక వడ్డీని ప్రధానంగా నిర్ణయించేది ఫెడరల్ రిజర్వ్. కనుక తలకిందులైన రేఖ చేసే ప్రకటన ఒక్కటే: రాబోయే కాలంలో ఫెడరల్ రిజర్వ్ వడ్డీ తగ్గిస్తుంది.

అయితే ఈ లెక్కలో ఒక అంశం చేరలేదు. పదేళ్ల పాటు డబ్బు కట్టిపడేసుకునేవారు ఆ మధ్యలో ధరలు, వడ్డీలు ఎటు పోతాయో తెలియని అనిశ్చితికి అదనపు ప్రతిఫలం కోరతారు. దీన్ని టర్మ్ ప్రీమియం అంటారు. మామూలు రోజుల్లో రేఖ పైకి వెళ్లడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఈ ప్రీమియం బాగా ఉన్నప్పుడు కూడా రేఖ తలకిందులైతే, వడ్డీలు గట్టిగా పడిపోతాయని మార్కెట్ నమ్ముతున్నట్టు. ప్రీమియమే కరిగిపోయి ఉంటే, కాస్తపాటి తగ్గుదల అంచనాకే రేఖ తలకిందులు కావచ్చు. 2006 నాటి వివాదమంతా ఈ తేడా మీదనే నడిచింది.

కెసెల్ నుంచి హార్వీ వరకు

వ్యాపార చక్రాలతో పాటు ఈ రేఖ వంపు మారుతుందని రూబెన్ కెసెల్ 1965లోనే నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనామిక్ రీసర్చ్ ప్రచురించిన అధ్యయనంలో చూపారు. దాన్ని భవిష్యత్తు గురించిన సూచికగా నిలబెట్టినది మాత్రం 1986లో షికాగో విశ్వవిద్యాలయంలో క్యాంబెల్ హార్వీ సమర్పించిన సిద్ధాంత గ్రంథం. ఆయన తర్కం సరళమైనది. గడ్డుకాలం వస్తుందని భయపడేవారు ఆ కాలానికి అక్కరకొచ్చే దీర్ఘకాలిక బాండ్లు కొంటారు. వాటి రాబడి దిగుతుంది. ఒకటి రెండు రోజుల తడబాటును ఆయన లెక్కలోకి తీసుకోలేదు. సగటున ఒక త్రైమాసికం పాటు రేఖ తలకిందులుగా ఉంటేనే దాన్ని సంకేతంగా పరిగణించారు. ఆయన ముందున్న ఉదాహరణలు నాలుగే మాంద్యాలు. ఆ తర్వాత 1990లోనూ 2001లోనూ వచ్చిన మాంద్యాలకు ముందు కూడా సంకేతం వెలువడింది. 1966లో మాత్రం రేఖ తలకిందులైనా, అప్పులు పుట్టడం కష్టమై వృద్ధి మందగించిందే తప్ప మాంద్యం రాలేదు.

ఈసారి వేరన్న వాదన

2004 జూన్ నుంచి ఫెడరల్ రిజర్వ్ సమావేశమైన ప్రతిసారీ పావు శాతం చొప్పున వడ్డీ పెంచుతూ వచ్చింది. 2006 జూన్ 29 నాటికి పదిహేడు పెంపులు పూర్తయి, 1 శాతం కాస్తా 5.25 శాతమైంది. దీర్ఘకాలిక రాబడులు మాత్రం వెంట రాలేదు. మొదటి ఆరు పెంపుల తర్వాత పదేళ్ల బాండు రాబడి పెరగకపోగా సుమారు అర శాతం తగ్గింది. ఇది తనకు అంతుపట్టని చిక్కుముడిగా ఉందని అప్పటి అధ్యక్షులు అలన్ గ్రీన్‌స్పాన్ 2005 ఫిబ్రవరిలో సెనేట్ సభ్యులకు చెప్పారు.

ఆ చిక్కుముడికి బెర్నాంకీ చెప్పిన జవాబులో టర్మ్ ప్రీమియానిదే ప్రధాన పాత్ర. ద్రవ్యోల్బణం చాలా ఏళ్లుగా అదుపులో ఉంది గనుక మదుపర్ల భయం తగ్గింది. ఆసియా దేశాల కేంద్ర బ్యాంకులు తమ డాలర్ నిల్వలతో అమెరికా బాండ్లు విరివిగా కొంటున్నాయి. పింఛను నిధులకూ దీర్ఘకాలిక బాండ్లే కావాలి. వీటివల్ల ప్రీమియం కుదించుకుపోయి రేఖ చదునైతే, అది మాంద్యం అంచనా కాదు. పైగా గతంలో మాంద్యానికి ముందు రేఖ తలకిందులైనప్పుడు వడ్డీలు చాలా ఎత్తులో ఉండేవి. ఇప్పుడవి చరిత్రతో పోలిస్తే తక్కువే. దీర్ఘకాలిక రాబడి తగ్గడానికి రాబోయే బలహీనతే కారణమైతే విధానం వేరుగా ఉండాలని కూడా ఆయన అదే ప్రసంగంలో ఒప్పుకున్నారు. రెండు కారణాల్లో ఏది ఎంతో రేఖను చూసి విడదీయడం సాధ్యం కాదు. ప్రీమియం కంటికి కనిపించదు. నమూనాలతో అంచనా కట్టవలసిందే.

2007 ఫిబ్రవరి అంచనా

2006 వేసవి దాటాక మూడు నెలల రాబడి కూడా పదేళ్ల రాబడిని మించిపోయి, నెలల తరబడి అలాగే ఉండిపోయింది. హార్వీ కోరిన షరతు నెరవేరింది. 2007 ఫిబ్రవరిలో ఏడాది బాండు రాబడి సుమారు 5.05 శాతం, రెండేళ్లది సుమారు 4.85 శాతం. పై లెక్క ప్రకారం 2008 ఫిబ్రవరి నాటికి ఏడాది వడ్డీ 4.65 శాతం ఉంటుందని మార్కెట్ చెబుతున్నట్టు. ఆ ఫిబ్రవరి వచ్చేసరికి వాస్తవంగా ఉన్నది సుమారు 2 శాతం. మార్కెట్ దిశను సరిగ్గానే చెప్పింది. లోతును ఏమాత్రం ఊహించలేదు. 0.4 శాతం తగ్గుతుందనుకుంటే 3 శాతం తగ్గింది.

బాండ్ల వ్యాపారులకు గృహరుణాల పతనం ముందే తెలిసిపోయిందన్న కథకు ఈ అంకెలు సాక్ష్యం చెప్పవు. 4.65 అనేది ఒకరి అభిప్రాయం కాదు, అనేక అవకాశాల సగటు. వడ్డీ 5 శాతంలోనే ఉండే అవకాశం వందకు ఎనభై, 3.25కు పడిపోయే అవకాశం వందకు ఇరవై అనుకున్నా సగటు 4.65 అవుతుంది. వడ్డీ కొద్దిగా తగ్గుతుందని అందరూ నమ్మినా అంతే వస్తుంది. ఒక చిన్న వంపు వెనుక అందరి తేలికపాటి అనుమానం ఉండవచ్చు, కొందరి గాఢమైన భయమూ ఉండవచ్చు. ఏది ఉందో రేఖ చెప్పదు. ఎప్పుడన్నదీ చెప్పదు. రేఖ తలకిందులై ఏడాది దాటిన తర్వాత కూడా షేర్ల ధరలు పెరుగుతూ, 2007 అక్టోబరు 9న ఎస్ అండ్ పి సూచీ అప్పటికి రికార్డు స్థాయికి చేరింది. మాంద్యం 2007 డిసెంబరులో మొదలైందని నేషనల్ బ్యూరో అధికారికంగా ప్రకటించింది 2008 డిసెంబరు 1న. అప్పటికి లేమన్ బ్రదర్స్ కూలి రెండు నెలలు దాటింది.

రాని మాంద్యం

దీనికి అద్దంలో బొమ్మ లాంటి సంఘటన తర్వాత జరిగింది. 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది. ఫెడరల్ రిజర్వ్ ఆ ఏడాది మార్చిలో సున్నా దగ్గర మొదలుపెట్టి, 2023 జూలై నాటికి వడ్డీని 5.25 నుంచి 5.5 శాతం శ్రేణికి తీసుకువెళ్లింది. రెండేళ్ల, పదేళ్ల రాబడుల మధ్య రేఖ 2022 జూలై నుంచి రెండేళ్లకు పైగా తలకిందులుగానే ఉంది. ఒక దశలో తేడా ఒక శాతం దాటింది. ఆ రోజుల్లో అమెరికాలో ఎన్నో బ్యాంకులు ఏడాది డిపాజిట్ మీద అయిదేళ్ల డిపాజిట్ కన్నా ఎక్కువ వడ్డీ ఇవ్వజూపడానికి కారణం ఇదే. మాంద్యం తప్పదని చాలామంది నమ్మారు. రేఖకు పేరు తెచ్చిన హార్వీ మాత్రం ఈసారి సంకేతం తప్పు కావచ్చునని 2023 ఆరంభంలోనే అన్నారు. ఆ రెండేళ్లలో మాంద్యం రాలేదు.

2023 జూలైలో ఏడాది రాబడి సుమారు 5.4, రెండేళ్లది సుమారు 4.8. అంటే ఏడాది తర్వాత 4.3కు కాస్త అటూ ఇటూగా ఉంటుందని అంచనా. 2024 జూలైలో వాస్తవంగా ఉన్నది సుమారు 4.9. ఈసారీ దిశ సరైనదే. కాని తగ్గుదల అనుకున్నదానికన్నా తక్కువ. 2024 సెప్టెంబరులో ఫెడరల్ రిజర్వ్ అర శాతం తగ్గించడంతో మొదలుపెట్టి వడ్డీని దించసాగింది. అప్పటికి ధరల పెరుగుదల చాలావరకు చల్లబడింది.

ఈ రెండు సందర్భాల మధ్య తేడా ఒక రోగి మందు మోతాదు తగ్గించడంలో ఉన్న తేడా లాంటిది. జ్వరం దిగినందువల్ల మోతాదు తగ్గించవచ్చు. మందుకే రోగి కుప్పకూలుతున్నందువల్ల కూడా తగ్గించవచ్చు. ముందుముందు మోతాదు తగ్గుతుందన్న సంగతిని మాత్రమే తలకిందులైన రేఖ చెబుతుంది. 1981లోనూ 2006లోనూ ఆ తగ్గుదల మాంద్యం రూపంలో వచ్చింది. 2024లో ద్రవ్యోల్బణం దిగినందువల్ల వచ్చింది. కారణం తెలియాలంటే రేఖను వదిలి ధరలను, ఉద్యోగాలను, అప్పుల నాణ్యతను చూడాలి. 2006లో బెర్నాంకీ రేఖలోని టర్మ్ ప్రీమియాన్ని గుర్తించడంలో పొరబడలేదు. మిగిలిన కొద్దిపాటి వంపు దేని గురించి భయపడుతోందన్న ప్రశ్నకు జవాబు బాండ్ల మార్కెట్లో లేదు. అది ఇళ్ల తాకట్టు పత్రాల్లో ఉంది.