సహాయక పరికరాల పరిరక్షణ (చిత్రసృష్టి)

ఒకరి ఫొటో ఆధారంగా కృత్రిమ మేధతో కొత్త దృశ్యాలు గీయించేటప్పుడు వారి చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, కృత్రిమ అవయవం మారకుండా కాపాడటం. ఇన్‌స్టంట్‌ఐడీ వంటి పద్ధతులు పోలికను ముఖం నుంచే పట్టుకుంటాయి కనుక పరికరం ఆ లెక్కలోకి రాదు. ఎడమ చెవి వెనుక వినికిడి యంత్రం పెట్టుకున్న మహిళను పెళ్లి మండపంలో చూపాలనుకుందాం. యంత్రం జుట్టులో కలిసిపోవచ్చు, చెవిపోగుగా మారవచ్చు, కుడి చెవికీ వెళ్లవచ్చు. స్టేబుల్ డిఫ్యూజన్ 8×8 పిక్సెళ్లను ఒకే గడిగా కుదిస్తుంది. యంత్రపు సన్నని గొట్టం అక్కడే చెరిగిపోవచ్చు. అందుకే ముఖం, చెవి, యంత్రం, చుట్టూ జుట్టు కలిపి మాస్కుతో కాపాడి, నేపథ్యాన్నే గీయించి, చివర్లో అసలు పిక్సెళ్లను తిరిగి అతికించాలి. తల తిప్పిన భంగిమకు ఇది చాలదు. ఆ కోణంలో తీసిన ఫొటో కావాలి. ఫలితాన్ని పెద్దది చేసి, చెవి వెనుక డబ్బీ నుంచి చెవిలోని అచ్చు దాకా గొట్టం తెగకుండా ఉందో లేదో చూడాలి.