ఫోను తెర దానంతటదే తిరగకపోవడం

ఫోనును అడ్డంగా తిప్పినా తెర మీది బొమ్మ, రాత దానితో పాటు తిరగకుండా నిలువుగానే ఉండిపోవడం స్మార్ట్‌ఫోన్లలో తరచూ ఎదురయ్యే ఇబ్బంది. దీనికి కారణం మూడు చోట్ల ఉండవచ్చు: ఆటో రొటేట్ సెట్టింగు ఆపి ఉండటం, వాడుతున్న యాప్ అడ్డం తిరగడానికి ఒప్పుకోకపోవడం, ఫోను లోపలి యాక్సిలరోమీటర్ అనే సెన్సర్ చెడిపోవడం. పైకి మూడూ ఒకేలా కనిపిస్తాయి. మొదటి రెండింటికీ పైసా ఖర్చుండదు. మూడోదానికి మాత్రం ఫోను విప్పి మదర్‌బోర్డు మీద చెయ్యి పెట్టాలి. అందుకే సెన్సర్ పోయిందని అనుకునే ముందు అది నిజంగా పోయిందో లేదో ఇంట్లోనే తేల్చుకోవడం మంచిది. అందుకు కావలసినవన్నీ ఫోనులోనే ఉన్నాయి.

తెర ఎలా తిరుగుతుంది

యాక్సిలరోమీటర్ మదర్‌బోర్డు మీద అతికించిన రెండు మూడు మిల్లీమీటర్ల చిప్పు. దాని లోపల సిలికాన్‌తో చేసిన అతిసన్నని స్ప్రింగుల మీద ఒక చిన్న ముక్క వేలాడుతూ ఉంటుంది. ఫోను వంగినప్పుడు భూమ్యాకర్షణ వల్ల ఆ ముక్క రవ్వంత జరుగుతుంది. ఆ జరుగుదలతో పక్కనున్న పలకల మధ్య కెపాసిటెన్స్ మారుతుంది, చిప్పు ఆ మార్పును అంకెగా చెబుతుంది. ఇలా మూడు దిశల్లో మూడు అంకెలు వస్తాయి. ఫోను వెడల్పు వెంబడి వచ్చేది X, పొడవు వెంబడి వచ్చేది Y, తెరలోంచి బయటికి పొడుచుకొచ్చినట్టుండే దిశది Z.

ఫోను కదలకుండా ఉంటే భూమ్యాకర్షణ విలువ, అంటే సెకను వర్గానికి 9.8 మీటర్లు, ఈ మూడింటిలో ఒకచోట గానీ, వాటి మధ్య పంచుకుని గానీ కనిపించి తీరాలి. ఆండ్రాయిడ్ ఫోనును బల్ల మీద వెల్లకిలా పెడితే Z దగ్గర 9.8 వస్తుంది. నిలబెడితే అది Y లోకి మారుతుంది. పక్కకు తిప్పి నిలబెడితే X లోకి వస్తుంది, కుడివైపుకా ఎడమవైపుకా అన్నదాన్ని బట్టి దాని ముందు మైనస్ గుర్తు ఉంటుంది లేదా ఉండదు. ఆండ్రాయిడ్ ఈ X, Y విలువలను పోల్చి తెరను ఏ దిక్కుకు పెట్టాలో నిర్ణయిస్తుంది.

ఇక్కడే ఒక అపోహ తీరిపోతుంది. ఫోను బల్ల మీద పడుకుని ఉండగా దాన్ని గిర్రున తిప్పితే తెర తిరగదు, తిరగకూడదు కూడా. అప్పుడు X, Y రెండూ సున్నా దగ్గరే ఉంటాయి కాబట్టి పై అంచు ఏదో ఫోనుకు తెలిసే దారి లేదు. అది పాత దిక్కునే పట్టుకుని ఉంటుంది. పరీక్షించేటప్పుడు ఫోనును చేతిలో నిటారుగా పట్టుకుని, పక్కకు తిప్పి, ఒక్క క్షణం కదలకుండా ఆపాలి. ఊగుతున్న చేతిని చూసి తెర ఊరికే తిరిగిపోకుండా ఆండ్రాయిడ్ కావాలనే కాస్త ఆగి చూస్తుంది.

సెట్టింగు

తెరను పైనుంచి కిందికి లాగితే వచ్చే బొత్తాల వరుసలో Auto-rotate వెలిగి ఉండాలి. సామ్‌సంగ్ ఫోన్లలో ఇది ఆపినప్పుడు అదే బొత్తం పేరు Portrait అని మారుతుంది. ఐఫోన్‌లో కంట్రోల్ సెంటర్‌లో తాళం చుట్టూ బాణం ఉన్న గుర్తు వెలుగుతుంటే తెర నిలువుకు బిగించి ఉన్నట్టు. అంటే ఆండ్రాయిడ్‌లో వెలగాలి, ఐఫోన్‌లో ఆరిపోవాలి. ఒక రకం ఫోను నుంచి ఇంకో రకానికి మారినవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

ఆండ్రాయిడ్ 9 నుంచి ఒక చక్కని సౌకర్యం వచ్చింది. ఆటో రొటేట్ ఆపి ఉండగా ఫోనును పక్కకు తిప్పితే తెర మూలన ఒక చిన్న తిప్పుడు గుర్తు కొద్ది క్షణాలు కనిపిస్తుంది. దాన్ని నొక్కితే తెర తిరుగుతుంది. సెన్సర్ బాగుందో లేదో చెప్పే పరీక్షల్లో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. ఫోను పక్కకు తిరిగిందని సెన్సర్ చెప్పకపోతే ఆ గుర్తు రాదు, కాబట్టి అది కనిపించిందంటే చిప్పు పని చేస్తున్నట్టే, తప్పు సెట్టింగుదే. కనిపించనంత మాత్రాన సెన్సర్ పోయిందని మాత్రం అనకూడదు. తెరిచి ఉన్న యాప్ తిరగడానికి ఒప్పుకోనిదైనా ఆ గుర్తు రాదు.

చాలామందికి తెలియని మీట ఇంకొకటి ఉంది. డెవలపర్ ఆప్షన్లు తెరిచి పెట్టుకున్న ఫోన్లలో, ఆండ్రాయిడ్ 10 నుంచి, Sensors Off అనే బొత్తాన్ని పై వరుసలోకి తెచ్చుకోవచ్చు. పొరపాటున వేలు తగిలి అది వెలిగితే యాక్సిలరోమీటర్‌తో పాటు కెమెరా, మైకు కూడా మూగబోతాయి. తెర తిరగడం, ఫొటో తీయడం, అవతలివాళ్లకు మన మాట వినపడటం మూడూ ఒకేసారి ఆగిపోతే, ఫోనంతా పాడైందని కంగారు పడకుండా ముందు ఈ బొత్తం చూడాలి.

మంచం మీద పక్కకు ఒత్తిగిలి చదివేటప్పుడు తెర అక్కర్లేకుండా తిరిగిపోవడం మరో ఫిర్యాదు. అది సెన్సర్ తప్పు కాదు, భూమి దిక్కును అది సరిగ్గానే చెబుతోంది. మన తల తిరిగిందన్న సంగతి దానికి తెలియదంతే. ఆండ్రాయిడ్ 12 నుంచి గూగుల్ పిక్సెల్ ఫోన్లలో ముందు కెమెరా మొహాన్ని చూసి దీన్ని సరిదిద్దే ఏర్పాటు ఉంది.

యాప్ పెట్టే హద్దు

యాప్ తయారుచేసినవాళ్లు దాన్ని నిలువుకే కట్టేయవచ్చు. అందుకు ఒక్క వాక్యం చాలు:

```
android:screenOrientation="portrait"
```

ఇది ఉన్న యాప్ ఫోనులో ఆటో రొటేట్ ఎంత వెలుగుతున్నా తిరగదు. ఫోన్లలో ఇన్‌స్టాగ్రామ్ ఇలాంటిదే. హోమ్ తెర కూడా చాలా ఫోన్లలో మామూలుగా తిరగదు, దాని సెట్టింగుల్లో విడిగా అనుమతి ఇస్తేనే తిరుగుతుంది. కాబట్టి హోమ్ తెర మీద పరీక్షించి సెన్సర్ గురించి తీర్పు చెప్పడం తప్పు. క్రోమ్‌లో ఏదైనా పేజీ గానీ, గ్యాలరీలో ఒక ఫొటో గానీ తెరిచి చూడాలి.

దీనికి తిరగేసిన పొరపాటు యూట్యూబ్‌తో జరుగుతుంది. వీడియో మూలన ఉన్న ఫుల్ స్క్రీన్ గుర్తు నొక్కితే బొమ్మ అడ్డంగా వస్తుంది కదా, సెన్సర్ బాగానే ఉందని అనుకుంటారు. అక్కడ తెరను తిప్పింది యాప్. సెన్సర్ చచ్చిపోయి ఉన్నా ఆ గుర్తు పని చేస్తుంది.

సెన్సర్‌ను అంకెల్లో చూడటం

చాలా సామ్‌సంగ్ ఫోన్లలో డయలర్‌లో `*#0*#` కొడితే పరీక్షల పట్టిక తెరుచుకుంటుంది, అందులో Sensor నొక్కితే యాక్సిలరోమీటర్ అంకెలు కదులుతూ కనిపిస్తాయి. షామీ ఫోన్లలో `*#*#6484#*#*` కొట్టాలి. ఇవి లేని ఫోన్లకు జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయం విద్యార్థుల భౌతికశాస్త్ర ప్రయోగాల కోసం తయారుచేసిన phyphox అనే ఉచిత యాప్ ఉంది. అందులో భూమ్యాకర్షణతో కలిపి త్వరణం చూపించే ప్రయోగాన్ని ఎంచుకోవాలి. భూమ్యాకర్షణ తీసేసి చూపించే దాంట్లో కదలని ఫోనుకు సున్నాలే వస్తాయి, అవి చూసి భయపడనక్కర్లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫోను మెట్ల మీద నుంచి పడింది, అద్దం పగల్లేదు గానీ అప్పటి నుంచి క్రోమ్‌లో కూడా తెర తిరగడం లేదు. ఆటో రొటేట్ వెలుగుతోంది. అడుగులు లెక్కపెట్టే యాప్ అంకెలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి కాబట్టి సెన్సర్ బాగుందని యజమాని నమ్మకం. పరీక్ష తెర తెరిచి ఫోనును వెల్లకిలా పెడితే X 0.3, Y 0.1, Z 9.8 వచ్చాయి, సరిగ్గానే ఉన్నాయి. నిలబెడితే X 0.3, Y 9.7, Z 0.6. ఇదీ సరే. కుడి అంచు పైకి వచ్చేలా పక్కకు తిప్పి నిలబెడితే X 9.8 దగ్గరికి రావాలి. వచ్చినవి X 0.3, Y 0.2, Z 0.6. రెండో పక్కకు తిప్పినా X అదే 0.3.

ఈ చివరి వరుసే అసలు ఆధారం. కదలకుండా ఉన్న ఫోనులో మూడు అంకెల వర్గాలు కూడి వర్గమూలం తీస్తే, ఫోను ఎటు వంగి ఉన్నా 9.8కి దగ్గరగా రావాలి. ఇక్కడ 0.7 వచ్చింది. గాల్లోంచి కిందికి పడుతున్న వస్తువుకు తప్ప అలాంటి విలువ రాదు. ఆండ్రాయిడ్ కూడా దాన్ని నమ్మదగని విలువగా తీసుకుని తెరను ఉన్నచోటే ఉంచేస్తుంది. Y, Z బాగుండటం వల్ల అడుగుల లెక్క నడుస్తోంది, X దిశలో కదలాల్సిన ముక్క మాత్రం దెబ్బకు అతుక్కుపోయి ఉండవచ్చు. అందుకే అడుగుల యాప్ సాక్ష్యం సగమే. కాల్ వచ్చినప్పుడు చెవి దగ్గర తెర ఆరిపోవడం, దిక్సూచి తిరగడం అసలు సాక్ష్యమే కాదు, వాటి సెన్సర్లు వేరు. దిక్సూచిని సరిచేయడానికి ఫోనును గాల్లో ఎనిమిది అంకెలా తిప్పే పద్ధతి కూడా ఇక్కడ ఎందుకూ పనికిరాదు.

చెడిన చిప్పు ఎప్పుడూ సున్నా దగ్గరే ఆగాలని లేదు. ఒక్కోసారి ఒక దిశ తను కొలవగలిగిన గరిష్ఠ విలువ దగ్గర, ఉదాహరణకు 78 దగ్గర, బిగుసుకుపోతుంది. రీడింగు స్థిరంగా ఉన్నా దూరం జరిగిపోయి, సున్నా ఉండాల్సిన చోట 4, 5 చూపిస్తూ ఉండవచ్చు. అప్పుడు తెర ఒకవైపుకు తిరిగి రెండోవైపుకు తిరగనని మొరాయిస్తుంది.

తేలిన తర్వాత

అంకెలు మూడు దిశల్లోనూ చక్కగా మారుతున్నా తెర తిరగకపోతే చిప్పుకు ఏ దోషమూ లేదు, లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఫోను ఒకసారి ఆపి వెలిగించాలి. ఆ తర్వాత సేఫ్ మోడ్‌లో చూడాలి. అక్కడ తిరిగితే మనం వేసుకున్న యాప్ ఏదో తెర దిక్కును పట్టి ఉంచుతోంది. కంప్యూటర్‌కు కలిపి చూడటం తెలిసినవాళ్లకు ఈ ఆదేశం సెట్టింగు అసలు విలువను చెబుతుంది, 1 వస్తే ఆటో రొటేట్ వెలుగుతున్నట్టు, 0 వస్తే ఆగి ఉన్నట్టు:

```
adb shell settings get system accelerometer_rotation
```

మూడు అంకెలూ కదలకుండా గడ్డకట్టినట్టు ఉంటే, Sensors Off చూసి, ఫోను మళ్లీ వెలిగించి, సేఫ్ మోడ్‌లో ఇంకోసారి చూడాలి. అప్పటికీ మారకపోతే, లేదా పై ఉదాహరణలోలా ఒక్క దిశే మొండికేస్తే, చిప్పు దగ్గర గానీ దాని టంకం దగ్గర గానీ దెబ్బ తగిలిందని నమ్మవచ్చు. నీళ్లు చొరబడినా ఇదే జరుగుతుంది. ఫ్యాక్టరీ రీసెట్ అతుక్కుపోయిన సిలికాన్ ముక్కను విడదీయదు. ఈ దశలో అది చేయించడం ఫొటోలు, మెసేజీలు పోగొట్టుకోవడానికే తప్ప ఎందుకూ కాదు. చాలా ఫోన్లలో గైరోస్కోప్ కూడా ఇదే చిప్పులో ఉంటుంది, కాబట్టి ఫోనును వంచుతూ ఆడే ఆటలు కూడా అదే రోజు నుంచి తేడా చేస్తుంటే అనుమానం ఇంకా గట్టిపడుతుంది.

మరమ్మతు అంటే వేడిగాలితో చిప్పు తీసి కొత్తది అతికించడం, లేదా మదర్‌బోర్డునే మార్చడం. అది తేలికైన పని కాదు గనుక, ముందు డేటా మొత్తం వేరే చోట దాచుకుని అప్పుడే ఫోను ఇవ్వాలి. ఫోను పాతదైతే మరమ్మతు చేయించకుండానే బతికేయవచ్చు. ఆటో రొటేట్ ఆపేసి, వీడియోలకు ఫుల్ స్క్రీన్ గుర్తు వాడుకుని, మిగతా యాప్‌లను అడ్డంగా చూడాలంటే నోటిఫికేషన్ల పట్టీ నుంచి తెర దిక్కు మార్చే చిన్న యాప్ ఒకటి వేసుకుంటే సరిపోతుంది.